స్లైడ్ చివర సగం మాట: రెండేళ్లు వాడాక

బెంగళూరు అద్దె ఇళ్ల గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుగు కారొసెల్ పోస్టులు, అంటే పక్కకి జరుపుతూ చదివే స్లైడ్‌ల పోస్టులు పెడుతుంటాను. స్లైడ్‌ని సగం మాట దగ్గర ఆపి, చదివేవాళ్ల చేత పక్కకి జరిపించే పద్ధతిని రెండేళ్లుగా వాడుతున్నాను. వారపత్రికల్లో 'సశేషం' చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. కాకపోతే సీరియల్ చదివేవాడు అప్పటికే డబ్బిచ్చి పత్రిక కొనుక్కున్నాడు. ఇక్కడ నచ్చకపోతే ఒక్క వేలుతో పైకి తోసేస్తారు.

మొదట్లో ఇంగ్లిష్ పేజీలు చూసి స్లైడ్ చివర "ఎందుకంటే…", "అసలు విషయం ఏంటంటే…" అని పెట్టేవాణ్ని. ఒకరోజు మారతహళ్లిలో మా రూమ్మేట్ చేతికి ఫోన్ ఇచ్చి వాడి బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను. మొదటి "ఎందుకంటే" దగ్గర జరిపాడు. మూడో స్లైడ్‌లోనూ అదే కనబడేసరికి "చెప్పేదేదో చెప్పి చావరా" అని ఫోన్ ఇచ్చేశాడు.

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. అవునో కాదో తేలేది అక్కడే. దాన్ని వాడుకోవాలని నాకు ఆలస్యంగా తట్టింది. అడ్వాన్స్ మీద చేసిన పోస్టులో ముందు ఇలా రాశాను: "ఖాళీ చేసే ముందు గోడల ఫోటోలు తీసుకోకపోతే…" డబ్బులు పోతాయని ఎవరైనా మనసులోనే పూర్తి చేసేస్తారు, ఇక జరపడమెందుకు? తర్వాత మార్చాను: "పెయింటింగ్‌కి అడ్వాన్స్‌లోంచి నెల అద్దె మినహాయిస్తామని అగ్రిమెంట్‌లో ఉంది. నేనే సొంత డబ్బుతో రంగులు వేయించాను. అయినా ఓనర్ ఆ నెల అద్దె…" పట్టుకున్నాడా, వదిలేశాడా? రెండూ జరగొచ్చు. ఈసారి మా రూమ్మేట్ వేలు ఆగలేదు.

పోస్ట్ చేసే ముందు ఇప్పటికీ ఆ రెండు క్రియలూ కాగితం మీద రాసుకుంటాను. రెండోది నమ్మేలా లేకపోతే ఆ వాక్యం మారుస్తాను. జవాబు మాత్రం పక్క స్లైడ్‌లోనే ఇచ్చేస్తాను, ఐదో స్లైడ్ దాకా దాచను.

ఒక ఇబ్బంది ఉంది. మొదటి స్లైడ్ చూసి వదిలేసినవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి అదే పోస్టుని రెండో స్లైడ్‌తో మళ్లీ చూపిస్తుంది. అక్కడ "…పట్టుకున్నాడు" అని ఉంటే ఎవరు, దేన్ని అన్నది తెలీదు. అందుకే రెండో స్లైడ్‌ని "ఓనర్ పెయింటింగ్ డబ్బు పట్టుకున్నాడు" అని నిండు వాక్యంతో మొదలుపెడతాను.

ప్రతి స్లైడ్‌కీ ఇది వద్దు. ఎనిమిది స్లైడ్‌లుంటే మూడింటికి పెడతాను. స్క్రీన్‌షాట్ తీసుకునే స్లైడ్‌కి అసలే పెట్టను. ఓనర్‌తో కలిసి చూసుకోవాల్సినవాటి జాబితా కింద ఒకసారి "వీటన్నిటికీ సంతకం పెట్టించినా…" అని వదిలాను. ఎవరో ఆ ఒక్క స్లైడ్‌నే వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "సంతకం దండగేనా అన్నా?" అని నాకు మెసేజ్‌లు వచ్చాయి. పక్క స్లైడ్‌లో ఉన్నది, ఒక కాపీ మన దగ్గర కూడా ఉంచుకోవాలని మాత్రమే.