కొవ్వొత్తుల భోజనం: మేడ మీదా, హాల్లోనా?

ప్రేమికుల రోజు రాత్రి ఇంట్లోనే ఇద్దరికీ చిన్న బల్ల వేసి, కొవ్వొత్తులు, గులాబీ రేకులతో అలంకరించాలంటే ముందు గాలి సంగతి తేల్చుకోవాలి. విజయవాడలో ఫిబ్రవరి మధ్యకల్లా పగటి ఎండ 30 డిగ్రీలు దాటుతుంది. రాత్రి ఎనిమిదింటికి బయట హాయిగానే ఉన్నా, తలుపులు వేసిన హాల్లో ఫ్యాన్ లేకుండా ఎక్కువసేపు కూర్చోలేం. ఫ్యాన్ వేస్తే దీపం నిలవదు, రేకులు ఎగిరిపోతాయి. అందుకే చాలామందికి మేడ గుర్తొస్తుంది.

మేడ మీద ఆకాశం ఉంటుంది, అది హాల్లో దొరకదు. కానీ పగలంతా ఎండకు కాగిన శ్లాబు చీకటి పడ్డాక కూడా సెగ కొడుతుంది. పొద్దు గుంకగానే రెండు బకెట్ల నీళ్లు చల్లితే గానీ చల్లబడదు. గాలికి విడి కొవ్వొత్తి ఆరిపోవడం ఒక్కటే ఇబ్బంది కాదు. ఆరేలోపు మంట ఒక పక్కకు వాలి, ఆ వైపు మైనమంతా కరిగి బల్ల మీదకు కారుతుంది, పొగ కూడా వస్తుంది. గాజు గ్లాసులో పెడితే మేలే, అయితే మంట గ్లాసు అంచుకు రెండంగుళాలైనా కిందుండాలి, గ్లాసు మూతి వెడల్పుగా ఉండాలి. మూతి ఇరుకైతే గాలి చాలక లోపలంతా నల్లటి మసి పడుతుంది. కాలవలకు దగ్గరగా ఉన్న ఇళ్లలో దోమలు సరేసరి. కాయిల్ వెలిగిస్తే అన్నం ముందు ఆ వాసనే.

హాల్లో ఇవన్నీ మన చేతిలో ఉంటాయి. ఏసీ ఉంటే గంట ముందే గది చల్లబరిచి, భోజనానికి కూర్చునేటప్పుడు గాలి పైకప్పు వైపు పోయేలా రెక్కలు తిప్పాలి. ఏసీ లేకపోతే సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, టేబుల్ ఫ్యాన్‌ను నేల మీద కాస్త దూరంగా పెట్టి గాలి కాళ్లకు తగిలేలా తిప్పితే చాలు. బల్ల గుడ్డ మరీ కిందకు వేలాడకూడదు, ఆ గాలికి ఎగురుతుంది.

ఇక కొవ్వొత్తులు. పొడవాటివి స్టాండులో పెట్టడమా, నీళ్లలో తేలేవా అంటే నా ఓటు తేలేవాటికే. స్టాండులో మంట సరిగ్గా కళ్ల ఎత్తుకు వస్తుంది, ఎదుటి మనిషి ముఖం కంటే మంటే ఎక్కువ కనిపిస్తుంది. నీళ్లలో ఉన్నది కిందనుంచి మెత్తగా వెలుగిస్తుంది. రేకులు కూడా ఆ నీళ్లలోనే వేస్తే ఎగరవు, వాడవు, తడిగా ఉంటాయి కాబట్టి అంటుకునే భయం తక్కువ. గుడ్డ మీద చల్లిన రేకులు చేయి తగిలి నలిగితే మరకవుతాయి, గిన్నెలు పెట్టేటప్పుడు అడ్డం కూడా.

ఒక లెక్క చూద్దాం. బల్ల పొడవు 30 అంగుళాలు అనుకుందాం. ఎదురెదురుగా రెండు 11 అంగుళాల కంచాలు పెడితే మధ్యలో మిగిలేది 8 అంగుళాలు. పది అంగుళాల ఇత్తడి ఉర్లి అందులో పట్టదు. ఆరేడు అంగుళాల గాజు గిన్నె తీసుకోవాలి, అంచుకు రెండు వేళ్లు కిందిదాకా నీళ్లు, మూడే మూడు కొవ్వొత్తులు. ఎక్కువ వేస్తే అన్నీ ఒకచోటుకు చేరి, ఒకదాని వేడికి ఇంకోటి కరిగిపోతుంది. కూర, అన్నం గిన్నెలకు పక్కన ఒక స్టూలు వేయాల్సిందే. వాసన కొవ్వొత్తులు మాత్రం వద్దు, గుంటూరు కారం ఘుమఘుమతో అవి కలవవు.

పూలలో డచ్ గులాబీ రేకు పెద్దది, మందంగా ఉండి నీళ్లలో ఆకారం చెడదు, పైగా రెండు పూలు చాలు. ఆ రోజు దాని ధర మాత్రం మండిపోతుంది. నాటు గులాబీ రేకులు చిన్నవి, పలచనివి, త్వరగా ముడుచుకుంటాయి, అయినా ఆ పరిమళం వేరే. వన్‌టౌన్‌ పూల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లగలిగితే నాటువే తీసుకోమంటాను. రేకులు తుంచే పని కూర్చునే ముందు పెట్టుకోవాలి, పొద్దున్నే తుంచి ఉంచితే అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి.

మేడే కావాలంటే గాలి లేని రాత్రి, పిట్టగోడ పక్కన, గ్లాసు దీపాలతో చేసుకోవచ్చు. మామూలు అపార్ట్‌మెంట్ ఇంటికి మాత్రం హాలు, గాజు గిన్నే మేలు. ఆర్పేటప్పుడు ఊదితే మైనం, నీళ్లు చిందుతాయి, గరిటె బోర్లించి మంట మీద క్షణం ఉంచాలి. గుడ్డ మీద మైనం పడిందా, తడిగా ఉండగా తుడవకండి. ఐసు ముక్క పెట్టి గట్టిపడ్డాక గోటితో గీరి, మిగిలిన మరక మీద పాత కాగితం వేసి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె తిప్పితే అది కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది.