ఏజెంటు వేసిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ నా క్లెయిమ్ మొత్తాన్ని ముంచింది: కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయించేవాళ్లు జాగ్రత్త

మాది కావలి. 2025 ఫిబ్రవరిలో రాత్రిపూట నెల్లూరు నుంచి వస్తుంటే హైవే మీద వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కును నా కారు గుద్దుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కారు ముందు భాగం మాత్రం నుజ్జయిపోయింది. షెడ్డులో 1,38,000 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని టెన్షన్ పడలేదు. సర్వేయర్ వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు, పేపర్లు అడిగాడు. మూడు వారాల తర్వాత కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నో క్లెయిమ్ బోనస్ విషయంలో మీరు తప్పు డిక్లరేషన్ ఇచ్చారు, అందుకని సొంత వాహనం డ్యామేజీకి మేము చెల్లించలేము అని అందులో ఉంది. ఒక్క రూపాయి కూడా రాలేదు.

ఇది ఎలా జరిగిందో వివరంగా రాస్తున్నా. ఇదే తప్పు మీ పాలసీలో ఉన్నా మీకు తెలియకపోవచ్చు.

కారు 2019 ఆగస్టులో కొన్నాను. నో క్లెయిమ్ బోనస్ అంటే ఏడాదంతా సొంత డ్యామేజీకి క్లెయిమ్ చేయకపోతే తర్వాతి ఏడాది ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. మొదటి ఏడాది దాటితే 20 శాతం, వరసగా రెండేళ్లయితే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. అంతకు మించి పెరగదు. ఈ తగ్గింపు ప్రీమియం మొత్తం మీద రాదు, ఓన్ డ్యామేజ్ అని రాసుండే భాగం మీద మాత్రమే. థర్డ్ పార్టీ ప్రీమియం అందరూ పూర్తిగా కట్టాల్సిందే. నాకు 2023 ఆగస్టు పాలసీకి 45 శాతం వచ్చింది. ఇంకో ఏడాది అలాగే గడిస్తే 50కి చేరేది.

ఆ ఏడాదే నెల్లూరు ట్రంకు రోడ్డులో బైకు ఒకటి తగిలి ముందు బంపర్ పగిలింది. బిల్లు 7,400 అయింది. ఇన్సూరెన్స్ ఉండగా చేతి డబ్బులు ఎందుకు అని క్లెయిమ్ పెట్టాను. బంపర్, క్లిప్పులకు 4,400, లేబర్‌కు 3,000. ప్లాస్టిక్ సామాను కాబట్టి తరుగు కింద సగం కోశారు, ఆపైన ప్రతి క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సిన 1,000 తీసేశారు. చివరికి నాకు వచ్చింది 4,200.

ఆ 4,200 కోసం ఎంత పోగొట్టుకున్నానో అప్పుడు లెక్క వేసుకోలేదు. ఒక్క క్లెయిమ్‌తో 45 శాతం కాస్తా సున్నా అవుతుంది. ఒక మెట్టు దిగడం ఉండదు, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం సుమారు 8,000. క్లెయిమ్ చేయకుండా ఉంటే 2024లో 50 శాతం పోయి 4,000 కట్టేవాణ్ణి, ఇప్పుడు పూర్తిగా 8,000 కట్టాలి. ఆ మరుసటి ఏడాది 20 శాతమే వస్తుంది కాబట్టి 2,400 ఎక్కువ. ఆ తర్వాత వరసగా 2,000, 1,200, 400. ప్రీమియం ఏటా అంతే ఉంటుందనుకుంటే ఐదేళ్లలో 10,000 రూపాయలు, జీఎస్టీ కాక. చిన్న రిపేరుకు క్లెయిమ్ పెట్టేముందు కాగితం మీద ఈ లెక్క వేసుకోండి. మీ దగ్గర 45, 50 శాతం ఉంటే చాలాసార్లు చేతి డబ్బులు పెట్టుకోవడమే లాభం. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ తీసుకుని ఉంటే వేరే సంగతి. నాకు అది లేదు.

అసలు దెబ్బ రెన్యువల్‌లో తగిలింది. 2024 ఆగస్టులో తెలిసిన ఏజెంటు ఫోన్ చేశాడు. "అన్నా, కంపెనీ మార్చేద్దాం, సగానికి సగం తగ్గుద్ది" అన్నాడు. బంపర్ క్లెయిమ్ చేశాను కదా అంటే "అది పాత కంపెనీలో కదన్నా, ఇక్కడ ఎవురూ చూడరు" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఫోనుకు వచ్చిన ఓటీపీ చదివి చెప్పాను. ఆ ఓటీపీతోనే డిక్లరేషన్ నా పేరున వెళ్లిపోయింది. ముగుస్తున్న పాలసీలో క్లెయిమ్ ఏదీ లేదు, నేను కోరిన బోనస్ శాతం సరైనదే, ఇది తప్పని తేలితే సొంత డ్యామేజీ భాగంలో వచ్చే ప్రయోజనాలన్నీ రద్దవుతాయి, అని దాని సారాంశం. ప్రీమియంలో నాకు మిగిలింది 4,000. పోయింది 1,38,000.

క్లెయిమ్ వచ్చాక కొత్త కంపెనీ పాత కంపెనీకి రాసి కనుక్కుంది. ప్రీమియం తీసుకున్న రోజు చూడనివాళ్లు డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు తప్పకుండా చూస్తారు. బోనస్‌కు రుజువు లేకుండా పాలసీ ఇచ్చినప్పుడు 21 రోజుల్లోపల పాత కంపెనీని అడిగి నిర్ధారించుకోవాలని మోటార్ టారిఫ్ నిబంధనల్లో ఉంది. ఆరు నెలలు అడగకుండా ఊరుకున్నారన్నదే నా ఫిర్యాదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాశాను, వాళ్లు కాదన్నాక హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పెట్టాను. దానికి ఫీజు లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు పెట్టుకోవాలి. కానీ నేను తప్పు చెప్పిన మాట నిజం, ఏమవుతుందో చూడాలి.

బోనస్ పోయే దారులు ఇంకో రెండున్నాయి. పాలసీ గడువు తీరాక 90 రోజుల్లోపల రెన్యువల్ చేయకపోతే, ఎన్నేళ్లదైనా పోతుంది. రెండోది పాత కారు కొనేవాళ్లకు. బోనస్ బండిది కాదు, మనిషిది. అమ్మినవాళ్లు నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకుని మూడేళ్లలోపు తమ కొత్త బండికి వాడుకోవచ్చు. కొన్నవాళ్లు పాలసీ తమ పేరుకు మార్పించుకునేటప్పుడు, పాత ఓనరుకు ఇచ్చిన తగ్గింపును మిగిలిన రోజుల లెక్కన కంపెనీకి కట్టాలి. "50 శాతం బోనస్ బండి సార్" అని ఎవరైనా ఊరిస్తే నమ్మవద్దు.

మీ పాలసీ కాగితం ఇప్పుడే తీయండి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం కింద నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతమో ఉంటుంది. గత ఏడాది క్లెయిమ్ చేసి ఉంటే అక్కడ సున్నా ఉండాలి. బోనస్ కనిపిస్తే ఏజెంటుతో మాట్లాడి వదిలేయకండి, నేరుగా కంపెనీకే మెయిల్ పెట్టండి. తేడా డబ్బు కట్టించుకుని ఎండార్స్‌మెంట్ అనే సవరణ కాగితం ఇస్తారు. ప్రమాదం జరగకముందే అయిపోవాలి ఈ పని.

నా సంగతి విన్నాక కందుకూరులో ఉండే మా పిన్ని కొడుకు తన పాలసీ తీసి చూశాడు. క్లెయిమ్ చేసిన ఏడాదికి కూడా 35 శాతం వేసి ఉంది, వాడికి తెలియనే తెలియదు. ఓన్ డ్యామేజ్ 6,000 మీద 2,100, జీఎస్టీ 378, మొత్తం 2,478 కట్టాడు. నాలుగు రోజుల్లో ఎండార్స్‌మెంట్ మెయిల్‌కు వచ్చింది. ప్రింటు తీయించి పాలసీతో కలిపి కారులోనే పెట్టుకున్నాడు.