మొండి బాకీని ఒప్పుకోవాలా, కొత్త అప్పుతో కప్పిపెట్టాలా: ఏది మేలు?

వాయిదా కట్టడం ఆగిపోయి 90 రోజులు దాటితే ఆ అప్పును సాధారణంగా ఎన్‌పీఏ, అంటే నిరర్థక ఆస్తి అంటారు. అప్పుడు బ్యాంకు ముందు రెండు దారులుంటాయి. నష్టాన్ని ఇప్పుడే లెక్కల్లో చూపించడం ఒకటి. కొత్త అప్పిచ్చి, దాంతో పాతది తీరినట్టు రాసుకోవడం రెండోది. దీన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. బ్యాంకులో డిపాజిట్లు 90 కోట్లు, సొంత మూలధనం 10 కోట్లు. మొత్తం 100 కోట్లూ అప్పులుగా ఇచ్చింది. ఇచ్చిన అప్పుల్లో 8 శాతం మేర మూలధనం ఉండాలన్నది నిబంధన అనుకుందాం. ఆ లెక్కన 10 కోట్ల మూలధనం మీద 125 కోట్ల దాకా అప్పులివ్వొచ్చు.

ఇందులో 5 కోట్ల అప్పు ఒకటి మొండికేసింది. తాకట్టు అమ్మితే 2 కోట్లు వస్తాయి, 3 కోట్లు పోయినట్టే. డిపాజిటర్ల సొమ్ములో కోత పెట్టడానికి లేదు కాబట్టి ఆ నష్టం మూలధనమే భరించాలి. మిగిలేది 7 కోట్లు. దాని మీద ఇవ్వగలిగేది 87.5 కోట్లే. పోయింది 3 కోట్లయితే, అప్పులిచ్చే శక్తి 37.5 కోట్లు తగ్గింది! ఇప్పటికే 97 కోట్లు బయట ఉన్నాయి. ఇక సక్రమంగా కట్టే మనిషి వచ్చి అడిగినా బ్యాంకు లేదనాల్సిందే.

ఈ భయమే మేనేజర్లను రెండో దారి పట్టిస్తుంది. 10 శాతం వడ్డీ కలిపి ఏటా కొత్త అప్పు రాస్తారు. మూడేళ్లకు 5 కోట్లు కాస్తా దాదాపు 6.65 కోట్లవుతుంది. చేతికి రాని ఆ 1.65 కోట్ల వడ్డీ లాభంగా కనిపిస్తుంది. దాని మీద పన్ను, డివిడెండ్ మాత్రం నిజం డబ్బుతోనే కట్టాలి. ఈలోగా తాకట్టులోని యంత్రాలు తుప్పుపట్టి కోటికి పడిపోతే, 3 కోట్ల నష్టం కాస్తా 5.65 కోట్లకు చేరుతుంది.

నా మటుకు మొదటి దారే మేలు. అయితే ఒప్పుకున్నాక కొత్త మూలధనం కూడా తేవాలి, లేకపోతే ఆ కోత మంచి ఖాతాదారుల మీదే పడుతుంది. 1992లో స్వీడన్ ప్రభుత్వం నార్డ్‌బ్యాంకెన్ అనే బ్యాంకు మొండి బాకీలను సెక్యూరమ్ అనే వేరే సంస్థకు మార్చి, తన డబ్బు పెట్టింది. 1990లలో జపాన్ బ్యాంకులు చాలావరకు రెండో దారిలో వెళ్లాయి. కోలుకోలేని కంపెనీలకే అప్పులు పొడిగిస్తూ ఏళ్ల తరబడి నలిగాయి.

గడువు పెంచిన ప్రతి అప్పూ దొంగలెక్క కాదు. పంట దెబ్బతిన్న ఏడాది వాయిదా జరపడం న్యాయమే. తేడా తెలియాలంటే ఖాతా స్టేట్‌మెంట్ చూడాలి. అమ్మకాల డబ్బు వచ్చి వడ్డీ కడుతుంటే ప్రాణం ఉన్నట్టే. గడువుకు ఒక్కరోజు ముందు పెద్ద మొత్తం జమై, అదే వారంలో అంతకు కాస్త ఎక్కువ కొత్త అప్పు మంజూరైతే, అక్కడ వడ్డీ కడుతున్నది బ్యాంకే.