తామరకు ఏ ట్యూబు: స్టెరాయిడ్ కలిసిందా, ఉత్త యాంటీఫంగలా?

మిర్యాలగూడలో మెడికల్ షాపుకెళ్లి గజ్జల్లో తామర అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ కలిసిన ట్యూబే. రెండు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది, కానీ అది స్టెరాయిడ్ చర్మం పోరాటాన్ని అణచడం వల్లే, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. ఆపగానే పాత వలయంలో కొత్త వలయం. సగం మందు తట్టుకుని బతికిన ఫంగసే టవల్ మీదుగా ఇంట్లో అందరికీ అంటుకుంటుంది.

లులికొనజోల్ లాంటి ఉత్త యాంటీఫంగల్ నెమ్మదే, నా ఓటు మాత్రం దానికే. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి, మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు. ఒళ్లంతా పాకితే మాత్రలు కావాలి, అక్కడా ఒక తిరకాసు ఉంది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ రకంలో చాలావాటికి టెర్బినాఫిన్ మందు పట్టుకోవాల్సిన ఎంజైమే మారిపోయింది, అందుకే డాక్టర్లు ఎక్కువగా ఇట్రాకొనజోల్ రాస్తున్నారు.