ఓఆర్ఎస్ అడిగితే తీపి నీళ్ల డబ్బా అంటగట్టారు: చిన్న పిల్లలున్నవారు జాగ్రత్త

తిరుపతిలో బస్టాండుకు దగ్గరలో, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే ఆ మందుల దుకాణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా రెండున్నరేళ్ల బాబుకు విరేచనాలు పట్టుకున్నాయని చెప్పి ఓఆర్ఎస్ అడిగితే, కౌంటరులోని పెద్దమనిషి రంగురంగుల అట్టడబ్బాలు తీసి ముందు పెట్టాడు. పొడి ప్యాకెట్ కావాలన్నాను. "ఇదే సార్ ఓఆర్ఎస్, పేరు మార్చినారంతే" అన్నాడు. పేరెందుకు మారిందో మాత్రం ఆ మహానుభావుడు చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ సూత్రం ప్రకారం తయారు కాని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కాబట్టి మారింది.

బాబు ఇష్టంగా తాగాడు, తాగడా మరి! తెల్లవారేసరికి విరేచనాలు మరింత నీళ్లయ్యాయి, కళ్లు లోతుకు పోయాయి, ఏడ్చినా కన్నీరు రాలేదు. పిల్లల డాక్టరుగారు పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే, ఒంట్లో నీరు తగ్గిపోయినందున అది మెల్లగా వెనక్కి వెళ్లింది. ఆయన డబ్బా వెనుక అచ్చు చదివించారు: 200 మి.లీ.లో చక్కెర 20 గ్రాములకు పైనే ఉంది. అసలు ఓఆర్ఎస్‌లో అంతే నీటికి గ్లూకోజు 2.7 గ్రాములు మాత్రమే, దానికి సరిపడా ఉప్పు ఉంటుంది. ఆ పాళ్లలో ఉంటేనే గ్లూకోజు, ఉప్పు కలిసి నీటిని పేగులోంచి ఒంట్లోకి తీసుకువెళతాయి. చక్కెర ఎక్కువైతే ఒంట్లోని నీరే పేగులోకి దిగి, విరేచనంలో పోతుంది.

కిలోకు 75 మి.లీ. లెక్కన, 12 కిలోల మా బాబుకు నాలుగు గంటల్లో 900 మి.లీ. అసలు ఓఆర్ఎస్ పట్టించమన్నారు. గ్లాసుతో గటగటా తాగిస్తే కక్కేస్తాడని, నిమిషానికి ఒక చిన్న చెంచా చొప్పున పోశాం. ఒకసారి కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా నిదానంగా మళ్లీ మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి మూత్రం పోశాడు.

డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లి అడిగితే వచ్చిన జవాబు వినండి: "తాగేసినాడు కదా సార్, ఇప్పుడొచ్చి ఏం చేయమంటారు?" పైగా పొడి ప్యాకెట్ ఒకటి విసిరినట్టు పెట్టి, "సగం పొడి గ్లాసు నీళ్లలో కలిపి ఇయ్యండి, తొందరగా తగ్గుతాది" అని ఉచిత సలహా. అది లీటరు ప్యాకెట్! సగం పొడి గ్లాసెడు నీళ్లలో వేస్తే ఉప్పు రెట్టింపుకు మించి, పిల్లవాడి ప్రాణం మీదికి వస్తుంది.

కొనేవారు ప్యాకెట్ మీద 200 మి.లీ.కా, లీటరుకా చూసుకుని, కాచి చల్లార్చిన నీళ్లను కొలిచి, పొడి మొత్తం ఒకేసారి కలపండి. చక్కెర, పాలు, పళ్లరసం చేర్చవద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. బిడ్డ మగతగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా చెంచాతో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.