మూడేళ్ల తర్వాత మా పెయింట్‌బాల్ మార్కర్: ఆగి కొట్టిన మొదటి బంతి సంగతి

2022 దసరాకి, విజయనగరంలో సిరిమాను సంబరం అయిన వారం, మేం నలుగురం కలిసి పాత ఎలక్ట్రానిక్ మార్కర్, అంటే గాలి ఒత్తిడితో రంగు బంతులు కొట్టే తుపాకీ, ఒకటి కొన్నాం. అప్పటి నుంచి భోగాపురం దగ్గర మా బావ వాళ్ల జీడితోటలో నెలకి రెండు ఆదివారాలు ఆడుతున్నాం. ఇప్పటికి పదహారు పెట్టెల బంతులు దీంట్లోంచి వెళ్లాయి, పెట్టెకి 2000 చొప్పున. అంత వాడాక రాస్తున్న సమీక్ష ఇది. బ్యారెల్ గురించీ, చేతిలో బరువు గురించీ చెప్పాల్సింది పెద్దగా లేదు, రెండూ బాగున్నాయి. నేను చెప్పాలనుకున్నది గాలి పీడనాన్ని దించే రెగ్యులేటర్, బంతులు పోసే హాపర్, వేగం హద్దు అనే మూడింటి గురించి. ఇవి మూడు వేర్వేరు సంగతులని మొదటి ఏడాదిన్నర అనుకున్నాను. కావు.

గాలి దారి ముందు చెప్తాను. సిలిండర్లో గాలి 3000 పీఎస్‌ఐ పీడనం దగ్గర నిండి ఉంటుంది. దాని మెడ దగ్గరున్న రెగ్యులేటర్ దాన్ని 850కి దించుతుంది. మార్కర్ ముందు పిడిలో ఉన్న రెండో రెగ్యులేటర్ ఇంకా దించి, మా దాంట్లో 190 దగ్గర నిలబెడుతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు బంతిని నెట్టేది ఈ 190. వంటింటి గ్యాస్ బండ మీద రెగ్యులేటర్ చేసే పనే ఇది. లోపల ఒక పిస్టన్, దానికి ఎదురుగా స్ప్రింగు, మధ్యలో గాలి దారిని మూసే చిన్న సీటు ఉంటాయి. పీడనం కావలసినంత రాగానే పిస్టన్ వెళ్లి సీటు మీద కూర్చుంటుంది, దారి మూసుకుంటుంది. బంతి బయటికి వెళ్లగానే పీడనం పడిపోతుంది, దారి తెరుచుకుని మళ్లీ నింపుకుంటుంది.

బయట తోటల్లో, మైదానాల్లో ఆడే ఆటకి చాలా చోట్ల సెకనుకు 300 అడుగుల వేగమే హద్దు. 280 పెట్టుకునే చోట్లూ చాలా ఉన్నాయి. మేం 280 పెట్టుకున్నాం. మూడు గ్రాముల బంతి 280 దగ్గర దాదాపు 11 జూళ్ల శక్తితో వస్తుంది, 308 దగ్గర 13 దాటుతుంది. వేగం పదో వంతు పెరిగితే దెబ్బ అయిదో వంతు పెరిగిందన్నమాట.

మా పద్ధతి అందరిలాంటిదే. ఆట మొదలవక ముందు మాస్కులు పెట్టుకుని, బంతి వేగం కొలిచే క్రోనో ముందు వరసగా అయిదు బంతులు కొట్టి అంకెలు చూసుకునేవాళ్లం. 2024 మే నెలలో ఆ ఆదివారం వచ్చినవి 274, 278, 276, 279, 275. హద్దు లోపలే ఉన్నాయని ఆట మొదలుపెట్టాం. గంట తర్వాత పొద వెనక నుంచి నేను కొట్టిన ఒక బంతి మా బావ భుజానికి తగిలింది. పదిహేను మీటర్ల దూరం ఉంటుంది. అతను ఆట ఆపించి నా దగ్గరకొచ్చి చొక్కా పైకెత్తి చూపించాడు.

"ఏటి బావా, ఇంత గట్టిగా తగిలిందేటి? రాయి ఇసిరినట్టుంది."

చర్మం కమిలి, మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా వలయం కట్టింది. అదే మార్కర్ని అక్కడికక్కడే క్రోనో దగ్గరికి తీసుకెళ్లి వరసగా కొడితే మళ్లీ 277, 275, 278. బావ నా మొహం కేసి చూశాడు. మార్కర్‌లో తప్పేం లేదనే ఆ అంకెలు చెప్తున్నాయి. నాకు మాత్రం అనుమానం పోలేదు, ఎందుకంటే ఆ బంతి కొట్టే ముందు నేను చాలాసేపు కదలకుండా కూర్చున్నాను.

ఇంటికొచ్చాక రెగ్యులేటర్ పక్కనున్న ఖాళీ రంధ్రానికి చిన్న ప్రెషర్ గేజ్ బిగించాను. నాలుగైదు ఉత్త షాట్లు కొట్టి ఆపగానే ముల్లు 190 దగ్గర ఉంది. అరనిమిషానికి 205కి వెళ్లింది. పది నిమిషాలకి 230. తర్వాతి ఆదివారం తోటలో ఇదే క్రోనోతో సరిచూశాను. పది నిమిషాలు ఆగాక మొదటి బంతి 308, రెండోది 281, మూడోది 277. అరనిమిషం ఆగితేనే 287. లెక్క కూడా సరిపోతుంది. బంతికి అందే శక్తి దాదాపు పీడనంతో పాటే పెరుగుతుంది, వేగం మాత్రం దాని వర్గమూలంతో పెరుగుతుంది. 190 నుంచి 230కి పోతే వేగం సుమారు పదో వంతు పెరగాలి, అంతే పెరిగింది.

కారణం సీటు. వాషర్ అరిగిన కుళాయి కట్టేశాక కూడా బొట్టు బొట్టుగా కారుతుంది కదా, సరిగ్గా అలాగే. పిస్టన్ కూర్చున్నా దారి పూర్తిగా మూయబడక, 850 వైపు నుంచి గాలి 190 వైపుకి సన్నగా జారుతూ ఉంటుంది. వరసగా కొడుతుంటే ఆ జారిన గాలి ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది కాబట్టి క్రోనో మీద ఏమీ కనబడదు. ఆగితేనే పోగవుతుంది. ఆటలో మనిషి ఎక్కువసేపు ఆగేది పొద చాటున గురి చూసుకుంటూ. అంటే ఎదుటివాడు బయటపడగానే, చాలాసార్లు దగ్గర్లో, తగిలే బంతి అదే.

ఇప్పుడు హాపర్ కథ. మాకు మొదట ఉన్నది మామూలు డబ్బా హాపర్, 200 బంతులు పడుతుంది, బరువుతో వాటంతటవే కిందికి జారాలి. మే నెలలో సముద్రం గాలికి మా వైపు ఉక్క ఎలా ఉంటుందో తెలిసిందే. బంతి పైపొర జెలటిన్, తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఉబ్బిన బంతులు మెడ దగ్గర రెండేసి ఒకదానికొకటి ఒరుసుకుని ఆగిపోయేవి. మా మార్కర్‌లో బంతి వచ్చి కూర్చుందో లేదో చూసే సెన్సర్ ఉంది, బంతి లేకపోతే పేలదు. దానివల్ల బంతి సగంలో నలిగిపోవడం తప్పింది. కానీ పేలకపోవడంతో ఆడేవాడు ఏం చేస్తాడు? హాపర్ని కుదుపుతాడు, తడతాడు, మళ్లీ కుదుపుతాడు. అరనిమిషం గడిచిపోతుంది. ఆ అరనిమిషంలో రెగ్యులేటర్ 205 దగ్గరికి చేరుతుంది. బంతి పడగానే వెళ్లేది 287తో. హాపర్ ఇరుక్కోవడం చిరాకు వ్యవహారం అనుకునేవాళ్లం. అరిగిన సీటుకి అది తీరిక ఇస్తోందని గేజ్ పెట్టేదాకా తట్టలేదు.

సీటు మార్చడానికి పట్టింది ఒక సాయంత్రం. సిలిండర్ విప్పి, లోపల మిగిలిన గాలిని ఉత్త షాట్లు కొట్టి ఖాళీ చేసి, గేజ్ సున్నాకి వచ్చాకే రెగ్యులేటర్ విప్పాలి. సీటు మీద పిస్టన్ అంచు పడిన చోట గాడి లోతుగా ఉంది, ఒక పక్క ఇసుక రేణువు గీసిన గీత కూడా కనబడింది. కొత్త సీటు, మూడు ఓ-రింగులు వేసి, మార్కర్ తయారీదారు చెప్పిన గ్రీజు పలచగా రాశాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. సిలిండర్లో గాలి నింపే మూతి దగ్గర ఏ నూనె చుక్కా వేయొద్దు. అంత ఒత్తిడిలో గాలి దూసుకొచ్చినప్పుడు నూనె అంటుకోవచ్చు. సీటు మార్చాక పది నిమిషాలు ఆగినా ముల్లు 190 నుంచి 193 దాటలేదు.

హాపర్ బాధ తీరడానికి బ్యాటరీతో తిప్పి బంతుల్ని నెట్టే హాపర్ కొన్నాం. ఇరుక్కోవడం పోయింది, నిజంగా బాగుంది. అయితే దానితో పాటు ఇంకో తంటా వచ్చింది, అది మొదటిదానికి తిరగేసిన రూపం. ఇప్పుడు బంతులు సెకనుకు డజను దాకా దిగుతున్నాయి. అంత వేగంగా రెగ్యులేటర్ నింపుకోలేకపోయేది. వరసలో మొదటి బంతి 276, అయిదోది 240. తమ్ముడొకడు క్రోనో ముందు గబగబా కొట్టి, అంకెలు తక్కువ వచ్చాయని అలెన్ కీతో రెగ్యులేటర్ మర తిప్పి పీడనం పెంచేశాడు. వరస సగటు 275కి వచ్చింది. ఒక్కో బంతి విడిగా కొడితే 310. తప్పు తమ్ముడిది కాదు, మేం పెట్టుకున్న పద్ధతిది. ఆ లోపం అసలు మర దగ్గర లేదు. రెగ్యులేటర్ లోపలికి గాలి వచ్చే చోట ఉన్న సన్న జల్లెడ దుమ్ముతో మూసుకుపోయింది. అది శుభ్రం చేసి, మార్కర్ ఎలక్ట్రానిక్ బోర్డులో కాల్పుల వేగం సెకనుకు ఎనిమిదికి కుదించాక, అయిదో బంతి 270 దగ్గర నిలబడింది.

సిలిండర్ ఖాళీ అవుతున్నప్పుడూ ఇలాంటి పడిపోవడమే కనబడుతుంది. లోపలి పీడనం 850 కిందికి వస్తే మొదటి రెగ్యులేటర్ ఆ 850ని నిలబెట్టలేదు. అప్పుడు మర తిప్పకూడదు, గాలి నింపుకోవాలి. తిప్పి వదిలేస్తే నిండు సిలిండర్ పెట్టగానే హద్దు దాటుతుంది. మర తగ్గించినప్పుడు కూడా ఒక సంగతి ఉంది. తగ్గించిన వెంటనే కొట్టిన బంతి అంకె నమ్మొద్దు, పాత పీడనం ఇంకా లోపలే ఉంటుంది. బంతులు లేకుండా నాలుగైదు షాట్లు వదిలాకే కొలవాలి. మా దాంట్లో మర లోపలికి తిప్పితే పీడనం పెరుగుతుంది, కొన్నిటిలో దీనికి తిరగేసి ఉంటుంది కాబట్టి ఎవరి మాన్యువల్ వాళ్లు చూసుకోవాలి.

బంతులు మారినా అంకె మారుతుంది. బ్యారెల్‌కి సరిగ్గా సరిపోయే బంతి పక్కల నుంచి గాలి పోనివ్వదు, చిన్న బంతి పోనిస్తుంది. అందుకని కొత్త సంచి విప్పినప్పుడల్లా బ్యారెల్ విప్పి పట్టుకుని, ఒక బంతి వేసి చూస్తాం. దానంతటది జారిపోకూడదు, నోటితో ఊదితే బయటికి రావాలి. ఇంట్లో బంతుల్ని గాలి చొరని స్టీలు డబ్బాలో, సిలికా సంచులు వేసి పెడుతున్నాను. అప్పటి నుంచి ఉబ్బడం బాగా తగ్గింది.

ఇప్పుడు మా తోటలో క్రోనో దగ్గర జరిగేది ఇది. ఆడేటప్పుడు వాడే హాపర్‌తోనే, అప్పుడు నింపిన సిలిండర్‌తోనే మూడు బంతులు కొడతాం. పది నిమిషాలు మార్కర్ బల్ల మీద బ్యారెల్ తొడుగు వేసి ఉంటుంది. ఆ తర్వాత మొదటి బంతి కొలుస్తాం, వెంటనే అయిదు గబగబా కొడతాం. సగటు చూడం, అన్నిటిలోకీ పెద్ద అంకె చూస్తాం. అది 280 దాటకూడదు. మామూలు అంకె 268 దగ్గర పెట్టుకుంటే ఆ జాగా మిగులుతుంది. పది నిమిషాలు వృథా అని మొదట్లో గొణిగినవాళ్లు ఉన్నారు, ఇప్పుడు ఆ సమయంలో టీ తాగుతున్నారు. ఆటలో హాపర్ ఇరుక్కుంటే చెయ్యెత్తి పక్కకి రావాలి, మాస్కు తియ్యకుండా, తొడుగు వేసి, మళ్లీ ఆటలోకి వెళ్లే ముందు తొడుగు తీసి నేల వైపు ఒక బంతి వదలాలి. ఆ బంతితో పోగైన గాలి పోతుంది.

మార్కర్‌కి ఇప్పటికీ నా మాట బాగుందనే, ఒక షరతుతో. రెగ్యులేటర్ మీద గేజ్ లేకుండా ఇలాంటిది ఎవరికీ కొనమని చెప్పను. సీటు, ఓ-రింగుల కిట్ ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండాలి. నా లెక్కలో అయిదారు పెట్టెల బంతులకి ఒకసారి సీటు మార్చాల్సి వస్తోంది. మొన్న ఆదివారం పది నిమిషాల తర్వాత మొదటి బంతి 271, గేజ్ 194. పోయిన నెల అదే గేజ్ 191 చూపించింది. వచ్చే ఆట లోపల సీటు విప్పి చూడాలి.