మూడేళ్లు వాడాక: సేల్స్ ఫనెల్‌లో శాతానికి సరైన చోటు రెండు పట్టీల మధ్యనే

హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక సంస్థలో సేల్స్ రిపోర్టులు తయారుచేయడం నా పని. ప్రతి సోమవారం ఉదయం రివ్యూకి ఒక ఫనెల్ బొమ్మ ఇవ్వాలి. పైన ఎంక్వైరీలు, కింద అగ్రిమెంట్లు, మధ్యలో మెట్టు మెట్టుకీ సన్నబడుతూ వచ్చే పట్టీలు. ఎక్సెల్‌లో మామూలు స్టాక్డ్ బార్‌తో ఈ బొమ్మని నేనే తయారుచేసుకుని మూడేళ్లవుతోంది. ఇందులో నాకు ప్రాణమైనది ఒక్కటే: ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకి ఎంతమంది దాటారో చెప్పే కన్వర్షన్ అంకె పట్టీ మీద కాకుండా, రెండు పట్టీల మధ్య సందులో కూర్చుంటుంది. దీని విలువ నాకు ఎలా తెలిసిందో ముందు చెప్పాలి.

అంతకుముందు ప్రెజెంటేషన్ టెంప్లేట్లలో రెడీమేడ్‌గా దొరికే గరాటు బొమ్మ వాడేదాన్ని. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, అయిదు రంగుల్లో అయిదు పొరలు. ఆఫీసు లెక్కలు బయటపెట్టకూడదు కాబట్టి అంకెలు మార్చి చెబుతున్నాను: ఎంక్వైరీలు 1,840. వాళ్లలో ఫోన్ ఎత్తి మాట్లాడినవాళ్లు 1,104. సైట్ చూడ్డానికి వచ్చినవాళ్లు 276. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు 46. అగ్రిమెంట్ దాకా వచ్చినవాళ్లు 23. టెంప్లేట్‌కి ఈ అంకెలతో పనే లేదు. పై పొర వందైతే తర్వాతవి ఎనభై, అరవై, నలభై, ఇరవై వెడల్పులో గీసి ఉన్నాయి. సైట్ విజిట్ నిజానికి ఎంక్వైరీల్లో 15 శాతం. బొమ్మలో మాత్రం పై పొరలో సగం కన్నా వెడల్పుగా కనిపించేది.

దానికి తోడు, సైట్ విజిట్ పొర మీద నేను 25% అని రాశాను. ఫోన్‌లో మాట్లాడిన 1,104 మందిలో 276 మంది అన్నమాట. మా ఎండీ గారు కాగితం చూసి, "ఏమ్మా, పద్దెనిమిది వందల్లో పాతిక శాతం అంటే నాలుగు వందల అరవై మంది సైట్‌కొచ్చారు. అందులో టోకెన్లు నలభై ఆరేనా? పదిమందికి ఒక్కరేనా పడేది?" అన్నారు. అంకెలున్న పట్టిక రెండో పేజీలో ఉంది. నేను అది తిప్పి చూపించేలోపే సైట్‌లో ఉండే ఇద్దరు కుర్రాళ్లకి అక్షింతలు పడిపోయాయి. నిజానికి వాళ్ల దగ్గరికి వచ్చింది 276 మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు టోకెన్ ఇచ్చారు. అసలు గండి అంతకుముందు మెట్టులో ఉంది, ఫోన్‌లో మాట్లాడినవాళ్లు సైట్ దాకా రావడం లేదు. లెక్కలో తప్పు లేదు. నేను రాసిన చోటు తప్పు.

ఆ రోజు ఇంటికెళ్తూ ఆలోచిస్తే తట్టింది. 276 అనేది ఒక మెట్టు లెక్క. 25 శాతం మెట్టు లెక్క కాదు, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దాటడం గురించిన లెక్క. దాన్ని పట్టీ మీద రాస్తే చదివేవాడు 'దేంట్లో 25?' అని తనకు తోచిన జవాబు చెప్పుకుంటాడు. రెండు పట్టీల మధ్య రాస్తే ఆ ప్రశ్నే రాదు.

ఎక్సెల్ 2019లో Funnel అని ఒక చార్ట్ ఉంది. పట్టీలని అంకెల ప్రకారమే సన్నబరుస్తుంది, వాటి మీద సంఖ్యలు చూపిస్తుంది. కానీ మధ్యన దాటిన లెక్క దానంతట అది రాయదు. అందుకే స్టాక్డ్ బార్‌తో చేసుకున్నాను. కిటుకు చిన్నదే. ప్రతి పట్టీకి ఎడమ పక్కన కనపడని ఇంకో పట్టీ పెట్టాలి. అసలు పట్టీని మధ్యకి నెట్టడమే దాని పని. దాని పొడవు, అన్నిటికన్నా పైనున్న పట్టీ పొడవులోంచి ఈ పట్టీ పొడవు తీసేసి సగం చేస్తే వస్తుంది. చార్ట్‌లో కనపడని సిరీస్ మొదట రావాలి, దానికి రంగు No fill. బార్ చార్ట్ మొదటి వరసని అట్టడుగున పెడుతుంది కాబట్టి Categories in reverse order టిక్ చేయాలి.

నన్ను ఆశ్చర్యపరిచింది సందుల సంగతి. రెండు మెట్ల మధ్య షీట్‌లో ఒక ఖాళీ వరస వదిలాను. అక్కడ పట్టీ పొడవు సున్నా, కాబట్టి అదే ఫార్ములా కనపడని పట్టీని సరిగ్గా సగం దాకా లాక్కెళ్తుంది. సున్నా పొడవున్న పట్టీ బొమ్మకి నట్టనడుమ నిలబడుతుంది. దాని డేటా లేబుల్ కూడా అక్కడే పడుతుంది. టెక్స్ట్ బాక్సులు అతికించడం, వారం వారం వాటిని చేత్తో జరపడం అన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. లేబుల్‌లో Value From Cells ఎంచుకుని, రాయాల్సిన మాట ఉన్న నిలువు వరస చూపించి, Value టిక్ తీసేస్తే చాలు. ఒక జాగ్రత్త: సందు వరసలో పొడవు గడి ఖాళీగా ఉంటే లేబుల్ రాదు, అందులో సున్నా ఉండాలి.

ఇంతవరకూ పొగిడాను కదా, మొదటి ఏడాదే దీంతో దెబ్బ తిన్న సంగతి కూడా చెప్పాలి. బొమ్మ కాగితం నిండా నిండుగా ఉండాలని అడ్డ గీత గరిష్ఠాన్ని 1840 దగ్గర చేత్తో బిగించేశాను. దసరా ప్రకటనలు వచ్చిన వారం ఎంక్వైరీలు 2,300 అయ్యాయి. పై పట్టీ 1840 దగ్గర తెగిపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. పై పట్టీ పోయినసారి అంతే వెడల్పుగా కనిపించింది, పెరిగిన 460 మంది బొమ్మలోంచి మాయమయ్యారు. రెండు వారాలు అలాగే ప్రింటు తీసి పంచాను. మూడో వారం గోడకి అతికించిన పాత కాగితం పక్కన కొత్తది పెట్టినప్పుడు కనపడింది: కింది పట్టీలన్నీ కుడికి జరిగాయి, బొమ్మ వెడల్పులో దాదాపు ఎనిమిదో వంతు. నడుము ఒక పక్కకి ఒరిగిన గరాటు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ బిగించిన గరిష్ఠాన్నే.

అందుకని ఇప్పుడు అసలు సంఖ్యలని కాకుండా, మొదటి మెట్టుతో భాగించిన వాటాలని గీస్తున్నాను. పై పట్టీ ఎప్పుడూ 1. అడ్డ గీతని 0 నుంచి 1 దాకా ఒకసారి బిగిస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. E నిలువు వరసలో అసలు సంఖ్యలు, మెట్లు 2, 4, 6, 8, 10 వరసల్లో, సందులు 3, 5, 7, 9లో:

```
C2:  =E2/$E$2
B2:  =(1-C2)/2
D3:  ="▼ 100 మందిలో "&ROUND(100*E4/E2,0)
```

మొదటి రెండు ఫార్ములాలు పదో వరస దాకా లాగాలి, మూడోది సందు వరసల్లోకి మాత్రమే. B కనపడని పట్టీ, C కనిపించే పట్టీ, D లేబుల్. శాతం గుర్తు బదులు '100 మందిలో 25' అని రాయడం కావాలనే చేశాను. మీటింగ్‌లో ఎవరైనా దాన్ని పైకి చదివితే అది అప్పటికే మాటగా ఉంటుంది.

మెట్టు సంఖ్యల్ని ఎక్కడ పెట్టాలన్నది వేరే తలనొప్పి. 18 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మలో ఎంక్వైరీల పట్టీ మొత్తం పరుచుకుంటే, 276 మందికి 2.7 సెంటీమీటర్లు వస్తుంది, 23 మందికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో అంకె పట్టదు. మొదట్లో పెద్ద పట్టీల్లో లోపల, చిన్నవాటికి పక్కన రాశాను. కన్ను లోపలికీ బయటికీ పరిగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు అన్ని సంఖ్యలూ ఎడమ పక్కన మెట్టు పేరుతో కలిసి ఒకే నిలువు వరసలో ఉంటాయి, 'సైట్ విజిట్ 276' అన్నట్టు. పట్టీలన్నీ ఒకటే బూడిద రంగు, ఆ వారం మాట్లాడుకోవాల్సిన సందులో అంకె ఒక్కటే ముదురు ఎరుపు. తెలుగు లేబుళ్లకి సైజు 14 కన్నా తగ్గించను. 'కలిసినవాళ్లు' లాంటి మాటల్లో ఒత్తులు ప్రింటులో ముద్దయిపోతాయి.

సందులో అంకె గురించి మొదట్లో అందరికీ చెప్పుకున్నంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. ఒక చిన్న ప్రాజెక్టులో ముగ్గురు టోకెన్ ఇస్తే ఇద్దరు అగ్రిమెంట్‌కి వచ్చారు. నా ఫార్ములా '100 మందిలో 67' అని రాసింది. ఉన్నదే ముగ్గురు. అప్పటినుంచి పై మెట్టులో 30 మంది కన్నా తక్కువుంటే '3లో 2' అని ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. ముప్పై అన్నది నేను పెట్టుకున్న హద్దే, దానికి సూత్రమేమీ లేదు.

ఇంకోటి, ఆ హద్దు పెట్టుకోకముందు నెలవారీ లెక్క వేస్తే ఒకసారి టోకెన్లు 25, అగ్రిమెంట్లు 31 వచ్చాయి. కింది పట్టీ పై పట్టీ కన్నా లావుగా, సందులో '100 మందిలో 124'. కిందటి నెల టోకెన్ ఇచ్చినవాళ్లు ఈ నెల సంతకాలు చేశారు, అంతే. బొమ్మ ఆ తప్పుని దాచకుండా చూపించినందుకు సంతోషించాను గానీ, దాన్ని సరిచేయడం బొమ్మ చేతిలో లేదు. ఎంక్వైరీ వచ్చిన నెల ప్రకారం మనుషుల్ని గుంపు కట్టి, ఆ గుంపులో ఎంతమంది ఎక్కడిదాకా వచ్చారో లెక్కపెట్టాలి. మా దగ్గర ఎంక్వైరీ నుంచి అగ్రిమెంట్‌కి మూడు నెలలు దాకా పడుతుంది కాబట్టి, ఈ నెల గుంపు బొమ్మ ఎప్పుడూ సగమే. దాని పైన 'ఇంకా నడుస్తోంది' అని రాసి ఇస్తాను.

ఇంతకీ పట్టీల్ని మధ్యకి నెట్టడం అవసరమా అని ఎవరైనా అడిగితే నిజాయితీగా కాదనే చెబుతాను. 1984లో క్లీవ్‌ల్యాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, ఒకే గీత మీద నుంచి మొదలయ్యే కొలతల్ని మనుషులు అన్నిటికన్నా సరిగ్గా పోల్చగలిగారు. నడుమకి నెట్టిన పట్టీలకి ఆ ఉమ్మడి గీత ఉండదు. అందుకే కంటికి అందని తేడాని సందులో అంకె పూరించాలి. నా సొంతానికి లెక్క చూసుకునేటప్పుడు B నిలువు వరసని సున్నా చేసేస్తాను, పట్టీలన్నీ ఎడమ గోడకి ఆనుకుంటాయి. సోమవారం మీటింగ్‌కి మాత్రం గరాటే ఇస్తాను. దాన్ని చూడగానే సేల్స్‌వాళ్లకి తమ పని గుర్తొస్తుంది.

నాది అయిదు మెట్ల లెక్క, పైనుంచి కిందికి వచ్చేసరికి నూటికి ఒకరో ఇద్దరో మిగులుతారు, ఏ4 కాగితం మీద చదువుతారు. లక్షల క్లిక్కులతో మొదలై వందల ఆర్డర్లతో ముగిసే ఆన్‌లైన్ షాపు లెక్క మీదైతే, పై పట్టీ తప్ప ఏదీ కనపడదు. అక్కడ క్లిక్కుల్ని పైన ఒక్క అంకెగా రాసి, బొమ్మని కార్ట్‌లో వేసినవాళ్ల నుంచి మొదలుపెడితే బాగుంటుందని నా ఊహ, చేసి చూడలేదు. మా ఆఫీసులో మాత్రం ఎండీ గారు ఈమధ్య రెండో పేజీ తిప్పడం మానేశారు. పోయిన సోమవారం వేలు నేరుగా రెండో సందు మీద పెట్టి, "ఈ డెబ్బై అయిదు మందికి మళ్లీ ఫోన్ చేసింది ఎవరు?" అని అడిగారు.